కలవడానికి ముందు ఒక చిన్న ‘వద్దు’

(నల్లగొండలో డిగ్రీ, పీజీ విద్యార్థుల కోసం ఏర్పాటైన సభలో స్థానిక న్యాయవాది ఒకరు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

ఈ సభకు పిలిచినప్పుడు నిర్వాహకులు నన్ను ఒక్క మాట అడిగారు: “మేడం, డేటింగ్ యాప్‌ల గురించి చెప్పండి, కానీ పిల్లలను బెదిరించకండి.” ఆ మాట నాకు నచ్చింది. ఇక్కడ కూర్చున్నవారిలో యాప్ వాడుతున్నవారు ఉన్నారు, రేపు వాడబోయేవారు ఉన్నారు. అమ్మాయిని వెతికే అబ్బాయి, అబ్బాయిని వెతికే అమ్మాయి మాత్రమే కాదు, అబ్బాయిని వెతికే అబ్బాయి, అమ్మాయిని వెతికే అమ్మాయి, ఇద్దరిలో ఎవరైనా సరేననుకునేవారు, ట్రాన్స్ వ్యక్తులు కూడా ఈ హాల్లో ఉండవచ్చు. నేను చెప్పేది అందరికీ వర్తిస్తుంది. ఎవరి దగ్గర తేడా ఉందో అక్కడ ఆ తేడా చెబుతాను.

యాప్‌లో పరిచయమైన రోజుకూ, మొదటిసారి కలిసే రోజుకూ మధ్య సాధారణంగా వారమో పది రోజులో గడుస్తాయి. నా దగ్గరికి వచ్చే కేసుల్లో చాలావాటి మూలం ఆ కొద్ది రోజుల్లోనే ఉంటుంది కాబట్టి, ఈ రోజు నేను ఆ రోజుల గురించే మాట్లాడతాను.

ముందుగా మన ఊరి సంగతి చూద్దాం. హైదరాబాద్‌లో ఒకరు యాప్ తెరిచి ఐదు కిలోమీటర్ల పరిధి పెట్టుకుంటే ప్రొఫైళ్లు వరుసగా వస్తూనే ఉంటాయి. అదే ఐదు కిలోమీటర్లు నల్లగొండ క్లాక్ టవర్ దగ్గర నిలబడి పెట్టుకుంటే పట్టుమని పదిహేను ముఖాలు కనిపించవు, కనిపించినవాటిలో ఒకటి మన క్లాస్‌మేట్‌దో, మన ఇంటి ముందు కిరాణం నడిపే అన్న కొడుకుదో అవుతుంది. అందుకే మనవాళ్లు పరిధిని వంద కిలోమీటర్లకు పైగా పెంచుతారు. అప్పుడు హైదరాబాద్ మొత్తం తెర మీదికి వస్తుంది. మహబూబ్‌నగర్‌లో ఉన్నవారిదీ, సూర్యాపేటలో ఉన్నవారిదీ ఇదే కథ. దీని నుంచి రెండు ఫలితాలు పుడతాయి. ఒకటి, తెలిసినవారి కంట పడతామన్న భయంతో ముఖం దాచుకుంటాం. రెండు, కలవాలంటే బస్సెక్కి మనకు తెలియని వీధికి మనమే వెళ్తాం. మోసగాడికి ఈ రెండూ బాగా తెలుసు.

ఇప్పుడు ఒక కేసు చెబుతాను. మనిషి గుర్తు దొరకకుండా ఊరు, పని, తేదీల వంటి వివరాలు మార్చాను. జరిగిన తీరు మాత్రం మార్చలేదు. మిర్యాలగూడ వైపు ఒక రైస్‌మిల్లులో లెక్కలు రాసే యువకుడు, వయసు 24. తనకు అబ్బాయిలంటేనే ఇష్టమని అతనికి పదో తరగతి నుంచే తెలుసు, ఇంట్లో ఎవరికీ తెలియదు. యాప్‌లో పరిచయమైన ఒక వ్యక్తితో రెండు నెలలు మాట్లాడాడు. ఒక రోజు ఆ వ్యక్తి “మనకు కుదరదు, ఇక వద్దు” అని మర్యాదగానే రాసి ఆగిపోయాడు. ఈ యువకుడు మూడు రాత్రులు నిద్రపోలేదు. నాలుగో రోజు రాత్రి పరిధి పెంచి, కొత్తగా వచ్చిన ప్రొఫైళ్లన్నిటికీ సరే అంటూ పోయాడు. వాటిలో ఒకటి వెంటనే బదులిచ్చింది.

ఆ బదులిచ్చిన తీరును దగ్గర నుంచి చూడండి. మొదటి గంటలోనే “నీలాంటి మనిషి కోసమే చూస్తున్న” అన్నాడు. ఇతను ఏ సినిమా ఇష్టమంటే అతనికీ అదే ఇష్టం, ఇతను ఎన్నింటికి మెసేజ్ పెడితే అన్నింటికీ బదులు. నాలుగు రోజుల్లో ఒక్కసారి కూడా “కాదు” అనలేదు, “నాకు పని ఉంది” అనలేదు. వీడియో కాల్ అడిగితే మాత్రం “కెమెరా ఖరాబైంది” అన్నాడు. ఐదో రోజు, ఆదివారం, “ఎల్‌బీ నగర్‌ల దిగు, రూం కాడికి రా, మా దోస్తు ఊరికి పోయిండు” అన్నాడు. “మెట్రో స్టేషన్ కాడ చాయ్ తాగి పోదాం” అని ఇతను ఒక్కసారి అడిగాడు. “ఇంత దూరం వచ్చి నమ్మకం లేకపోతే ఎందుకు, ఉండు ఇంక” అని అవతలి నుంచి కోపం వచ్చింది. ఇతను భయపడ్డాడు. దెబ్బ తింటానని కాదు, ఇంకోసారి తిరస్కరణ ఎదురవుతుందని. క్షమించమని రాసి నేరుగా గదికి వెళ్లాడు.

గదిలో పావుగంట గడిచాక ఇంకో ఇద్దరు వచ్చారు. తలుపు వేశారు, చొక్కా విప్పించి వీడియో తీశారు, ఫోన్ లాక్కుని కాంటాక్టుల జాబితాను తెర మీద నడిపిస్తూ “నాయిన నంబర్ ఇదేనా?” అని అడిగారు. యూపీఐ పిన్ చెప్పించి మొదట 500 పంపి చూశారు, అది వెళ్లాక 18,000 పంపారు. పోలీసుల దగ్గరికి పోతే, స్వలింగ సంబంధాలను ఒకప్పుడు నేరంగా చూసిన శిక్షాస్మృతి 377వ సెక్షన్ కింద నిన్నే లోపల వేస్తారన్నారు. సాయంత్రం ఆరుకు వదిలిపెట్టారు. బస్సులో కూర్చుని అతను చేసిన మొదటి పని తన ఖాతాను చెరిపేసి యాప్‌ను తీసివేయడం.

ఈ కేసులో తప్పు ఆ ముగ్గురిదే. అతను ప్రేమ వెతుక్కోవడం తప్పు కాదు, గదికి వెళ్లడం నేరం కాదు. ఈ మాట నేను ప్రతిసారీ చెబుతాను, ఎందుకంటే బాధితులు నా ముందు కూర్చుని మొదట అడిగేది “నాదే తప్పు కదా మేడం?” అని. అయినా ఎక్కడ దారి మళ్లించగలిగేవాడో చూడటం మనకు అవసరం. ఆ చోటు చాయ్ దగ్గర ఉంది.

“స్టేషన్ దగ్గర చాయ్ తాగి పోదాం” అన్నది చాలా చిన్న కోరిక. నిజంగా కలవాలనుకునే మనిషికి అది అడ్డు కాదు. మహా అయితే “ఎండగా ఉంది, పక్కన హోటల్లో కూర్చుందాం” అంటాడు, “ఈ రోజు కుదరదు, వచ్చే ఆదివారం” అంటాడు, తన వైపు నుంచి ఒక సవరణ చెబుతాడు. వల వేసినవాడు సవరణ చెప్పలేడు. అతనికి ఆ గది, ఆ సమయం తప్ప ఇంకేదీ పనికిరాదు. బయట పది మంది మధ్య కూర్చుంటే ముఖం బయటపడుతుంది, ఫొటోలోని మనిషి తాను కాదని తెలిసిపోతుంది, మిగతా ఇద్దరు వృథాగా ఎదురుచూడాలి. అందుకే కోపం చేస్తాడు, లేదా అలుగుతాడు, లేదా జాలి పుట్టిస్తాడు. కాబట్టి కలవడానికి ముందు ఏదో ఒక చిన్న విషయంలో కావాలనే “వద్దు” అనండి. చోటు మార్చమనండి, గంట ఆలస్యంగా వస్తాననండి, వాట్సాప్ నంబర్ ఇప్పుడే ఇవ్వననండి. ఎదుటి మనిషి ఆ “వద్దు”ను ఎలా తీసుకుంటాడో చూడండి. ఇది అమ్మాయిలకు మరీ ముఖ్యం. చాయ్ విషయంలో మీ మాట వినని మనిషి మూసిన తలుపు వెనుక వింటాడని అనుకోవడానికి ఆధారం లేదు.

దీనికి ఒక పరిమితి ఉంది. ఓపికగల మోసగాడు చిన్న “వద్దు”లన్నిటికీ తల ఊపుతాడు, నెలల తరబడి. అతనికి కావలసింది గది కాదు, మీ బ్యాంకు ఖాతా. కలవకుండానే ప్రేమ పెంచి, తర్వాత పెట్టుబడి యాప్ చూపిస్తాడు, లేదా ఆసుపత్రి ఖర్చు అంటాడు. అక్కడ పట్టుకోవలసిన గుర్తు వేరు: ఇద్దరూ ఎదురుపడకముందే డబ్బు మాట వస్తే ఆ సంబంధం అక్కడితో సరి.

కాబట్టి చిన్న “వద్దు”తో పాటు రెండు నిమిషాల వీడియో కాల్ ఉండాలి. అందులో ఇద్దరి ముఖాలూ వెలుతురులో కనిపించాలి, ఇద్దరూ మామూలు బట్టల్లో ఉండాలి, వెనుక మీ ఇంటి గుర్తులు లేని గోడ ఉండాలి. మాట్లాడుతూ తల పక్కకు తిప్పమని, చేయి ముఖం ముందు నుంచి కదపమని అడగండి, మీరూ చేసి చూపండి. ముఖం మార్చే సాఫ్ట్‌వేర్ తరచుగా అక్కడ తడబడుతుంది, అయితే ప్రతిసారీ తడబడుతుందని నేను హామీ ఇవ్వను. అవతలి వ్యక్తి బట్టలు తీయడం మొదలుపెడితే ఆ క్షణమే కాల్ ఆపేయండి. అలాంటి కాల్‌ను రికార్డు చేసి, మరునాడు పోలీసు దుస్తుల ఫొటో పెట్టుకున్న నంబర్ నుంచి బెదిరించడం చాలాకాలంగా నడుస్తున్న మోసం.

కలిసే రోజున ఎవరో ఒకరికి చెప్పి వెళ్లండి. “ఎవరికి చెప్పగలం మేడం, చెబితే నా సంగతి బయటపడుతుంది” అని అబ్బాయిలను ఇష్టపడే అబ్బాయిలు, అమ్మాయిలను ఇష్టపడే అమ్మాయిలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. ఎందుకు వెళ్తున్నారో చెప్పనక్కరలేదు. “దోస్తును కలవడానికి ఎల్‌బీ నగర్ పోతున్న, ఏడింటికి ఫోన్ చేస్త, చేయకపోతే నువ్వు చెయ్” అంటే చాలు. ఎనిమిది గంటల పాటు లైవ్ లొకేషన్ పంపితే ఇంకా మంచిది. తిరుగు బస్సు సమయం ముందే చూసుకోండి. ఆఖరి బస్సు పోయిందన్న కారణంతో తెలియని గదిలో రాత్రి ఉండిపోయినవారి కేసులు నేను చూశాను.

ఇక ప్రొఫైల్ సంగతి. నిజాయితీ అంటే అన్నీ చెప్పేయడం అని మనవాళ్లు అనుకుంటారు. నా ఉద్దేశంలో అది పొరపాటు. దాచుకోవడం వేరు, అబద్ధం చెప్పడం వేరు. ముఖం లేని ప్రొఫైల్ దాచుకోవడం, అది మీ హక్కు. ఇంకొకరి ముఖం పెట్టడం అబద్ధం, చట్టం దృష్టిలో నేరం కూడా కావచ్చు. మీ ఊరు, కాలేజీ, కులం, ఇంటిపేరు చెప్పకపోవడం దాచుకోవడం. 31 ఏళ్లవారు 25 అని రాయడం, పెళ్లయి విడిగా ఉంటున్నవారు పెళ్లి కాలేదని చెప్పడం, ఇంట్లో నిశ్చితార్థం తేదీ పెట్టుకున్నా “నేను స్వేచ్ఛగా ఉన్నాను” అనడం అబద్ధాలు. తేడా తెలుసుకోవడానికి నేను ఒక ప్రశ్న వేస్తాను: ఈ విషయం ముందే తెలిస్తే ఎదుటి మనిషి తన నిర్ణయం మార్చుకునేవారా? మార్చుకునే అవకాశం ఉంటే అది కలవడానికి ముందే చెప్పాలి. మన దగ్గర ఎక్కువగా దాగేది వయసు కాదు, “ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు, నేను వారికి ఎదురు చెప్పలేను” అన్న సంగతి. ఆ ఒక్క వాక్యం ప్రొఫైల్‌లో రాస్తే కొందరు పక్కకు వెళ్లిపోతారు, నిజమే. కానీ ఏడాది తర్వాత పెళ్లి కార్డు చూసి తెలుసుకున్న అమ్మాయి నా ఆఫీసులో కూర్చుని ఏడ్చిన రోజు నాకు ఇంకా గుర్తుంది.

ముఖం దాచిన ప్రొఫైల్ కూడా ఇతర గుర్తులతో పట్టిస్తుంది. ఒకసారి ఒక విద్యార్థిని తన ప్రొఫైల్ నాకు చూపింది. ముఖం లేదు, కిటికీ దగ్గర చేతిలో టీ కప్పు మాత్రమే. కిటికీలో నుంచి లతీఫ్‌సాబ్ గుట్ట కనిపిస్తోంది, బల్ల మీద కాలేజీ గుర్తింపు కార్డు తాడు ఉంది, ఆ తాడు రంగు ఊళ్లో అందరికీ తెలుసు. దాని కింద “2 కిలోమీటర్ల దూరంలో” అని యాప్ చూపుతోంది. ఇక ముఖం దాచి ఏం లాభం? బైక్ నంబర్ ప్లేటు, దుకాణం బోర్డు, ఇన్‌స్టాగ్రామ్‌లో ఇదివరకే పెట్టిన ఫొటో కూడా అంతే. అదే ఫొటోను ఇంటర్నెట్ వెతుకులాటలో వేస్తే అసలు ఖాతా బయటపడవచ్చు. కాబట్టి ఈ యాప్ కోసమే కొత్తగా, ఖాళీ గోడ ముందు ఫొటో తీసుకోండి. దూరం చూపే సౌకర్యాన్ని సెట్టింగ్స్‌లో ఆపేయండి, కొన్ని యాప్‌లలో అది ఉచితం, కొన్నింటిలో డబ్బు కట్టాలి. వేర్వేరు మూడు చోట్ల నుంచి దూరం చూసినవాడు మీరు సుమారుగా ఎక్కడ ఉన్నారో లెక్కగట్టగలడు. మన ఊళ్లో అయితే ఒక్క చోటు నుంచి చూసినా సగం పని అయిపోతుంది.

ఇప్పుడు ఆ యువకుడిని గదిదాకా తోసిన విషయానికి వస్తాను. అది తిరస్కరణ. రెండు నెలలు మాట్లాడిన మనిషి “వద్దు” అన్న బాధలోనే అతను పరిధి పెంచాడు, అందరికీ సరే అన్నాడు, చాయ్ మాట వెనక్కి తీసుకున్నాడు. తిరస్కరణ తర్వాతి వారం రోజులు మనిషి లెక్కలు తప్పుతాయి. ఆ వారంలో కొత్తవారిని కలవడానికి ఎక్కడికీ వెళ్లకండి. మాట్లాడుకోండి, అభ్యంతరం లేదు, కానీ బస్సెక్కకండి.

తిరస్కరణలో కూడా రకాలు ఉన్నాయి. యాప్‌లో ఎవరూ బదులివ్వకపోవడం అసలు తిరస్కరణ కాదు. నల్లగొండలో ఇరవై మంది వాడే చోట, అందులో సగం మంది యాప్ తెరవక నెలలైన చోట, మౌనానికి మీ రంగుతోనూ ఎత్తుతోనూ సంబంధం లేదు. మాట్లాడిన తర్వాత “వద్దు” అనడం అసలైన తిరస్కరణ, అది నొప్పిస్తుంది. దానికి ఒకే ఒక్క బదులు రాయండి: “చెప్పినందుకు థాంక్స్, మీకు మంచి జరగాలి.” ఆ తర్వాత ఏమీ రాయకండి. “ఎందుకు?” అని అడగకండి. కారణం చెబితే దాన్ని సరిచేస్తామన్న ఆశ పుడుతుంది, చెప్పకపోతే అనుమానం పుడుతుంది, రెండింటిలోనూ మీకు మేలు లేదు. వేరే ఖాతా తెరిచి మళ్లీ రాయడం, స్నేహితురాలి ద్వారా నంబర్ కనుక్కోవడం, కాలేజీ గేటు దగ్గర నిలబడటం ప్రేమ కాదు. ఒక స్త్రీ తనకు ఆసక్తి లేదని స్పష్టం చేశాక పురుషుడు పదే పదే వెంటపడితే, సంప్రదిస్తే, అది భారతీయ న్యాయ సంహిత 78వ సెక్షన్ కింద నేరం. మొదటిసారే మూడేళ్ల వరకు శిక్ష పడవచ్చు. అబ్బాయిలు ఈ మాటను శ్రద్ధగా వినాలని కోరుతున్నాను.

“వద్దు” చెప్పేవారికి కూడా ఒక మాట. మన దగ్గర “వద్దు” అనడం ఇబ్బంది కాబట్టి “బిజీగా ఉన్న”, “చూద్దాం” అంటూ నెలలు సాగదీస్తాం. ఎదుటివారు దానిని ఆశగా చదువుకుంటారు. “మీతో మాట్లాడటం బాగుంది, కానీ నాకు ఆ ఉద్దేశం కలగలేదు, ఇక్కడితో ఆపుదాం” అని ఒక్కసారి రాస్తే సరిపోతుంది. అయితే ఎదుటి మనిషి ఇదివరకే బెదిరించి ఉంటే, మర్యాద అక్కరలేదు. స్క్రీన్‌షాట్లు తీసుకుని, యాప్‌లో ఫిర్యాదు చేసి, బ్లాక్ చేయండి. వరుస ఇదే ఉండాలి. ముందే మ్యాచ్ తీసేస్తే చాలా యాప్‌లలో సంభాషణ మీ తెర మీద నుంచి మాయమవుతుంది.

ఆ యువకుడి విషయంలో జరిగింది అదే. ఖాతా చెరిపేసి యాప్ తీసివేయడంతో ప్రొఫైల్, నాలుగు రోజుల మాటలు చేతికి దొరకకుండా పోయాయి. మూడో రోజు వారు మళ్లీ ఫోన్ చేసి 6,000 అడిగితే పంపాడు. డబ్బు అందితే బెదిరింపు ఆగుతుందనుకున్నాడు. డబ్బు ఇచ్చే మనిషని వారికి తెలిసింది, అంతే. తొమ్మిదో రోజు ఇంకో 5,000 పంపి, ఆ అరగంటలోనే భరించలేక తన మేనమామ కూతురికి చెప్పాడు. ఆ అమ్మాయి అతన్ని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. “ముందు 1930కి ఫోన్ చెయ్ బావా” అన్నది.

1930 సైబర్ ఆర్థిక నేరాల హెల్ప్‌లైన్. ఎంత త్వరగా ఫోన్ చేస్తే డబ్బు అవతలి ఖాతాలో ఉండగానే నిలిపివేయించే అవకాశం అంత ఎక్కువ. ఫోన్ చేసేటప్పుడు యూపీఐ లావాదేవీకి ఉండే 12 అంకెల నంబర్, సమయం, మొత్తం దగ్గర పెట్టుకోవాలి. cybercrime.gov.in లో కూడా ఫిర్యాదు నమోదు చేయవచ్చు. చివరి 5,000 అలా నిలిచింది. ముందు వెళ్లిన 18,500, ఆ తర్వాతి 6,000 అప్పటికే చేతులు మారిపోయాయి.

గదిలో బంధించి బెదిరించి డబ్బు లాక్కోవడం సైబర్ నేరం మాత్రమే కాదు, దానికి పోలీస్ స్టేషన్‌లో ఫిర్యాదు ఉండాలి. అతను ఎల్‌బీ నగర్ దాకా వెళ్లనక్కరలేదు. నేరం ఎక్కడ జరిగినా దగ్గరి స్టేషన్‌లో జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయించుకోవచ్చు. అతను భయపడింది 377కు. 2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు, ఇష్టపూర్వకంగా కలిసే వయోజనుల విషయంలో ఆ సెక్షన్ చెల్లదని తీర్పు చెప్పింది. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఆ సెక్షనే లేదు. ఈ రెండు తేదీలు తెలిస్తే ఆ గదిలో వారి బెదిరింపు సగం చచ్చిపోయేది. స్టేషన్‌లో అందరూ మర్యాదగా మాట్లాడతారని నేను చెప్పను, అందుకే ఒంటరిగా వెళ్లవద్దు. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా న్యాయ సహాయం అడగవచ్చు, న్యాయ సహాయ హెల్ప్‌లైన్ నంబర్ 15100. అమ్మాయిలు షీ టీమ్స్‌ను ఆశ్రయించవచ్చు. మనసు కుదుటపడక, బతకాలనిపించకపోతే టెలీ మానస్ 14416కు ఏ వేళలోనైనా ఫోన్ చేయవచ్చు, తెలుగులో మాట్లాడతారు.

ఫిర్యాదు తర్వాత ఆ నంబర్లు మూగబోయాయి. ఆ వీడియో ఎవరికైనా పంపారా అంటే, ఇప్పటిదాకా అతనికి తెలిసినవారిలో ఎవరికీ రాలేదు. ఆ భయం మాత్రం అతనికి పూర్తిగా పోలేదు, నేను పోయిందని అబద్ధం చెప్పను.

ఐదారు నెలలకు అతను మళ్లీ యాప్ పెట్టుకున్నాడు. ఈసారి ముందు వీడియో కాల్ అయింది. ఆదివారం పదకొండింటికి, హైదరాబాద్‌లో ఒక రద్దీ హోటల్లో కలుద్దామని ఇతనే చోటు చెప్పాడు. అవతలి వ్యక్తి “అది నాకు దూరం, దిల్‌సుఖ్‌నగర్‌లో అయితే సరే” అన్నాడు. ఇద్దరూ ఒక గంట కూర్చున్నారు, రెండు చాయ్‌లు తాగారు. బయటికి వచ్చాక ఆ వ్యక్తి “మంచిగ మాట్లాడినవ్, కానీ నాకు అట్ల అనిపించలే” అన్నాడు. ఇతను సరేనని చేయి కలిపి, ఒంటిగంట బస్సు పట్టుకున్నాడు. చౌటుప్పల్ దాటాక మేనమామ కూతురికి మెసేజ్ పెట్టాడు: “వద్దన్నడు. మంచోడే. ఐదింటికల్లా ఇంట్ల ఉంట.”

ప్రశ్నలు ఉంటే అడగండి. పేరు చెప్పడం ఇష్టం లేనివారు చీటీ రాసి వలంటీర్లకు ఇవ్వండి.